ఎత్తు మీద ఆగిన బండి

ఆదివారం, రాత్రి

గత బుధవారం విశాఖ బీచ్ రోడ్డు నుంచి సిరిపురం వైపు ఎక్కే దారిలో నా గేర్ల బండి, మోటారు సైకిలు, ఆగిపోయింది. ముందున్న ఆటో నిలిచిపోతే నేనూ ఆపాను. అది కదిలాక క్లచ్ వదలగానే ఇంజను ఒక్కసారి కుదిపి చచ్చిపోయింది. వెనుక నుంచి హారన్లు మొదలయ్యాయి, బండి వెనక్కి జారడం తెలిసింది, ఆ భయంలో ఎడమచేతి లివరును బలంగా పట్టేశాను. పదేళ్లు గేర్లు లేని స్కూటరు నడిపిన చేతికి అది బ్రేకు, కాని ఈ బండి మీద అది క్లచ్. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత స్వేచ్ఛగా బండి వెనక్కి దొర్లింది. వెనుక కారుకు జానెడు దూరంలో రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి ఆపగలిగాను.

మావయ్యతో ఈ సంగతి చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు మెకానిక్ పని చేసిన మనిషి. అంతా విని, "నీకు క్లచ్ రాక కాదమ్మా, బండిని ఎవరు పట్టుకోవాలో తేల్చుకోలేదు, అందుకే ఆగిపోతోంది," అన్నారు. ఈ ఉదయం ఆరింటికి మా కాలనీ వెనుక ఖాళీ లేఅవుటు రోడ్డుకు వెళ్లాం. అక్కడ కొంత దూరం చదునుగా ఉండి, చివర నీళ్ల ట్యాంకు దగ్గర మంచి ఎత్తు వస్తుంది.

బయలుదేరే ముందు ఆయన క్లచ్ లివరును వేలితో కదిపి చూశారు. లివరు చివర ఒకటి రెండు సెంటీమీటర్లు వదులుగా కదలాలి, ఆ తర్వాతే కేబులు బిగువు తెలియాలి. నా బండికి వదులు దాదాపు మూడు సెంటీమీటర్లు ఉంది. అంటే లివరును పూర్తిగా నొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోదు, లివరు వదులుతుంటే ఇంజను బండిని పట్టుకునే చోటు కూడా హ్యాండిలుకు మరీ దగ్గరగా వస్తుంది, వేళ్లు తెరుచుకున్న మొదటి క్షణంలోనే అంతా అయిపోతుంది. లివరు మొదట్లో ఉన్న స్క్రూ తిప్పి సరిచేశారు. అసలు వదులు లేకుండా బిగిస్తే క్లచ్ ఎప్పుడూ కొంచెం జారుతూ ప్లేట్లు అరిగిపోతాయని కూడా చెప్పారు. నా భయంలో కొంత భాగం ఒక స్క్రూలో ఉందని నాకు ఇంతవరకు తెలియదు.

మొదటి అరగంట చదును మీదే గడిచింది. ఫస్ట్ గేరులో, యాక్సిలరేటరు ముట్టుకోకుండా, రెండు కాళ్లూ నేల మీద ఉంచి, క్లచ్‌ను గోరంత గోరంతగా వదలమన్నారు. ఒక చోట ఇంజను శబ్దం కొద్దిగా కిందికి దిగుతుంది, బండి ముందుకు ఒరగబోతున్నట్లు తొడలకు తెలుస్తుంది. దాన్నే అందరూ హాఫ్ క్లచ్ అంటారు. అక్కడ చేతిని నిలిపితే బండి దానంతట అదే నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఒక అడుగు ముందుకు, మళ్లీ కాళ్లతో వెనక్కి, ఇలా నలభై సార్లు చేశాను. తర్వాత కావాలనే క్లచ్ వదిలేసి బండిని పదిసార్లు ఆపేయమన్నారు. ఆగిన ప్రతిసారీ క్లచ్ నొక్కి, న్యూట్రల్ వెతుక్కోకుండా గేరులోనే బటను నొక్కితే నా బండి స్టార్టవుతుంది. పాత బండ్లు కొన్నింటికి న్యూట్రల్ కావాలట. పదోసారికి బండి ఆగిన కుదుపుకు నా భుజాలు బిగుసుకోవడం మానేశాయి.

తర్వాత పదిహేను మీటర్ల దూరానికి రెండు చివర్లా ఇటుక ముక్కలు పెట్టి, ఎంత నెమ్మదిగా వెళ్లగలవో వెళ్లు, కాలు మాత్రం దించకు అన్నారు. మొదటిసారి ఆరు సెకన్లలో దాటేశాను. నెమ్మది చేద్దామని యాక్సిలరేటరు తగ్గించిన ప్రతిసారీ బండి తడబడింది, ముందు బ్రేకు పట్టుకున్నప్పుడైతే హ్యాండిలు తిరిగి ఒక పక్కకు పడబోయింది. ఆయన చెప్పిన పద్ధతి వేరు. యాక్సిలరేటరును కొంచెం పెంచి అక్కడే కదలకుండా ఉంచాలి, చేయి హాఫ్ క్లచ్‌లో ఉండాలి, వేగాన్ని కుడికాలితో వెనుక బ్రేకును తేలికగా అదిమి తగ్గించాలి. ఇంజను లాగుతూ ఉంటే, బ్రేకు వెనుక నుంచి పట్టి ఉంటే, బండి నిటారుగా నిలబడుతుంది. చూపు ముందు చక్రం మీద కాక దూరంగా ఉన్న గేటు మీద ఉండాలి. చక్రాన్ని చూసినప్పుడల్లా నేను అటే ఒరిగాను. పదకొండోసారికి పన్నెండు సెకన్లు పట్టింది. అంతకంటే సంతోషం కలిగించినది మరొకటి. వెనుక బ్రేకు మీద కాలు ఉండడం నా ఒంటికి అలవాటైంది.

ఆ అలవాటే ఎత్తు మీద పనికొచ్చింది. ట్యాంకు దగ్గర ఎడమకాలు నేల మీద, కుడికాలు బ్రేకు మీద ఉంచి ఆగాను. మావయ్య బండి పక్కన నిలబడి, "ఇప్పుడు క్లచ్ పూర్తిగా నొక్కి పట్టుకో, బండి జారుతోందా?" అని అడిగారు. జారడం లేదు. బండిని నిలబెట్టేది నా కాలు, నా చేయి కాదు. కాబట్టి చేతికి తొందర లేదు. బుధవారం నేను చేసింది సరిగ్గా దీనికి విరుద్ధం. జారకుండా ఉండాలని క్లచ్‌ను గబుక్కున వదిలాను, అందుకే ఇంజను ఆగింది.

బ్రేకు పట్టి ఉంచి, యాక్సిలరేటరును చదును మీద కంటే కొంచెం ఎక్కువ, శబ్దం నిలకడగా గుర్రుమనేంత ఇచ్చాను. క్లచ్‌ను హాఫ్ దాకా వదిలాను. శబ్దం దిగింది, బండి బ్రేకు మీద ముందుకు గుంజింది. ఆ గుంజుడు తెలిశాకే కాలు ఎత్తాలి, ఎత్తిన తర్వాత కూడా చేయి అక్కడే ఒక క్షణం ఆగాలి. బండి రెండు మూడు మీటర్లు కదిలాక మిగతా క్లచ్ వదలాలి. నాలుగోసారి కాలు ముందే ఎత్తేశాను, బండి బెత్తెడు వెనక్కి పోయింది. ఆరోసారి కదిలీ కదలగానే చేయి వదిలేశాను, ఇంజను ఆగింది. ఆగిన వెంటనే కాలు బ్రేకును అదిమింది, చేయి క్లచ్ నొక్కింది, వేలు బటను మీదకు వెళ్లింది. బండి వేలెడు కూడా జారలేదు. ఆగకుండా కదిలిన నాలుగుసార్ల కంటే ఆగిపోయిన ఆ ఆరోసారే నాకు ఎక్కువ విలువైనదనిపించింది.

పది ప్రయత్నాలకు ఒకసారి ఇంజను ఆపి చల్లారనిచ్చాం. క్లచ్ నూనెలో తడిసి ఉండడం వల్ల హాఫ్ క్లచ్‌ను కొంతసేపు ఓర్చుకుంటుంది, కాని ఎత్తు మీద బ్రేకు లేకుండా హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టి ఉంచితే ప్లేట్లు వేడెక్కుతాయి, పట్టుకునే చోటు కూడా మారుతుంది. సిగ్నలు దగ్గర చాలామంది చేసే పని ఇదే.

సాయంత్రం ఒంటరిగా సిరిపురం ఎత్తుకు వెళ్లాను. మూడుసార్లు ఆగి మూడుసార్లూ కదిలాను. ఒకచోట రోడ్డు కుడివైపు ఒరిగి ఉండడంతో ఆగేటప్పుడు కుడికాలు దించాల్సి వచ్చింది, అప్పుడు వెనుక బ్రేకు నాకు అందలేదు. రెండు వేళ్లతో ముందు బ్రేకు పట్టుకుని అదే చేత్తో యాక్సిలరేటరు తిప్పడం నాకింకా రాదు, అందుకని బండిని ఎడమకు వంచి కాలు మార్చుకుని కదిలాను. మావయ్యకు ఫోను చేసి అడిగితే, వచ్చే ఆదివారం ఆ ముందు బ్రేకు పద్ధతి నేర్పి, ఆపై ఆయనే వెనుక కూర్చుంటానన్నారు. బరువు పెరిగితే ఇవాళ పట్టిన యాక్సిలరేటరు సరిపోదట, ఎంత పెంచాలో శబ్దం వినే తెలుసుకోవాలట.