టిప్పు డబ్బాలో అయిదొందలు

పదకొండున్నర అయ్యింది. ఈయన గుర్రు పెడుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. కారణం అయిదొందల రూపాయలు.

మా హోటల్లో కస్టమర్లు ఇచ్చే టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి వారానికోసారి అందరికీ పంచుతాం. రోజూ రాత్రి షట్టరు దించాక ఒక సర్వరు, వంటింట్లోంచి ఒకరు కలిసి ఆ రోజు టిప్పులు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి డబ్బాలో వేసి తాళం వేస్తారు. మంగళవారం సెలవు కాబట్టి సోమవారం రాత్రి పంపకం. ఆరు రాత్రుల లెక్క కూడితే 6,340 వచ్చింది. డబ్బా బోర్లిస్తే 5,840 ఉంది. మూడుసార్లు లెక్కపెట్టాం. సర్వర్లు వంటింటి వైపు చూశారు, వంటింటివాళ్ళు సర్వర్ల వైపు చూశారు. ఆ రెండు నిమిషాలూ నా పొట్టలో టెన్షన్.

అప్పుడు ఈయన కౌంటర్లోంచి తల ఎత్తకుండా, "గురువారం చిల్లర లేదని నేను తీశానే. మళ్ళీ వేద్దామనుకుని మర్చిపోయా. అయినా మన డబ్బాయే కదా!" అన్నారు.

మన డబ్బా అట!

ఎవరూ ఏమీ అనలేదు. అనరు కదా, యజమాని. ఆయన గల్లాలోంచి నోటు తీసి ఇచ్చేశారు, అక్కడితో అయిపోయిందనుకున్నారు. కానీ డబ్బాకి తాళంచెవులు రెండుంటాయి, ఒకటి సర్వర్ల దగ్గర, ఒకటి వంటింట్లో. మూడోది ఉందని నాకే తెలియదు.

మా నాన్న నరసాపురంలో కాఫీ హోటల్లో సర్వరుగా చేసిన రోజులు గుర్తొచ్చాయి. బిల్లు తెచ్చే సాసరులో సోంపు పక్కన జనం చిల్లర వదిలేవారు. అది కౌంటరు మీదున్న హుండీలో వెయ్యాలి. భోగి ముందురోజు యజమాని పంచేవాడు. హుండీలో ఎంత పడిందో, ఎంత తీశారో ఎవరికీ తెలిసేది కాదు. పగిలిన గ్లాసుల డబ్బు కూడా అందులోంచే పోయిందనేవాడు. ఒక ఏడు పప్పురుబ్బే అతను, "సర్వర్లు హుండీలో వెయ్యకుండా నొక్కేస్తున్నారు" అన్నాడట. మా నాన్న అక్కడే, కస్టమర్ల ముందు, చొక్కా జేబులు బయటికి లాగి, పంచె మడత విప్పి చూపించాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. అమ్మ అడిగితే, "ఆడు ఆకలికి అన్నాడే, నేను ఆడినేం అనను. లెక్క రాసుంటే ఆ మాట వచ్చేదే కాదు" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పుస్తకం పెట్టాలని నేను పట్టుబట్టింది అందుకే. ఈయనేమో నాది చాదస్తం అంటారు.

సరే, పంపకం. మనిషికి ఇన్ని పాయింట్లు అని పెట్టుకున్నాం. సర్వరుకి రోజుకి మూడు, మిగతా అందరికీ రెండు. దాన్ని వచ్చిన రోజులతో గుణిస్తే వారం పాయింట్లు. ముగ్గురు సర్వర్లు ఆరు రోజులూ వచ్చారు, తలా 18. నాలుగోవాడు చెల్లెలి పెళ్ళికి పోయి మూడు రోజులే వచ్చాడు, 9. వంట మాస్టార్లు ఇద్దరు, వంటింటి హెల్పర్లు ఇద్దరు, టేబుళ్ళు తుడిచే కుర్రాడు, గిన్నెల పిన్ని, ఒక్కొక్కరికి 12. మొత్తం 135. నోట్ల డబ్బుకి ఫోనులో వచ్చిన 1,760 కలిపితే 8,100. పాయింటుకి 60 రూపాయలు. సర్వరుకి 1,080, పిన్నికి 720. వెనక పద్ధతిలో సర్వర్లు పంచుకుని వంటింటికి తలా రెండొందలు దయతలిచేవారు. పిన్ని డబ్బులు కొంగున ముడేసుకుని వేలిముద్ర వేసింది. బాగుంది, అంతే.

ఈయన నోటు ఇవ్వకపోయుంటే 7,600. పాయింటు 56 రూపాయల చిల్లరకి పడేది. పిన్ని వాటాలో దగ్గర దగ్గర 44 రూపాయలు పోయేవి, ఎందుకు పోయాయో ఆవిడకి తెలిసేది కాదు.

ఫోను డబ్బులదో గోల. కస్టమరు బిల్లు 480 అయితే 500 కొట్టి "ఉంచండి" అంటాడు. అది మా ఖాతాలో పడుతుంది. రాత్రి బిల్లింగు మిషనులో ఫోను పేమెంట్ల మొత్తం, యాప్‌లో ఆ రోజు వచ్చిన మొత్తం పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది. ఆ తేడా అంతా టిప్పే అనుకోకూడదు. ఫోను బిల్లుని క్యాషియరు నగదు కింద కొట్టినా తేడా వస్తుంది. అందుకే బిల్లు కాపీ వెనక సర్వరు "20 టి" అని రాయాలని చెప్పాం. రాసిన కాపీల మొత్తం, యాప్ తేడా కలిస్తేనే డబ్బాలోకి. కలవకపోతే బిల్లులు ఒక్కోటీ తిరగేస్తాం. ఆ డబ్బు మన ఆదాయం కాదని ఆడిటరుగారు చెప్పారు. కస్టమరు కార్డు మీద ఇచ్చిన టిప్పుని హోటలు పంచితే అది జీతం కాదని 2016లో సుప్రీంకోర్టు అందట. అది మన చేతి మీదుగా పోవడమే. "మన డబ్బాయే" అన్న మనిషికి ఇది రెండుసార్లు చెప్పాను.

బిల్లులో అయిదు శాతం సర్వీసు చార్జీ వేసేస్తే ఈ గోలంతా ఉండదని పోయిన నెల నేనే అన్నాను. దాన్ని బిల్లులో దానంతటదే పడేలా వెయ్యకూడదని 2022 జూలైలో వినియోగదారుల అథారిటీ చెప్పింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే మాట అంది. పోనీ ఇష్టపడే ఇచ్చారనుకున్నా, అది గల్లాలో పడ్డాక ఎవరి వాటా ఎంతో అడిగేదెవరు? డబ్బాకన్నా అదే చీకటి.

పాయింట్ల సంగతి పిన్నికి మొదట్లో ఎక్కలేదు. ఆవిడ మొగుడు అంతర్వేది దగ్గర పడవల మీదికి పోతాడు. "వాటాలన్నమాట, చేపలమ్మిన డబ్బు పంచుకున్నట్టు" అంది. అని, "మరి పడవకెంతండి అమ్మగారూ?" అని అడిగింది. పడవ వాటా, వల వాటా తీశాకే కదా మనుషుల వాటా. పడవకేమీ లేదు పిన్నీ అన్నాను. నమ్మినట్టు కనపడలేదు. ఇవాళ చూస్తే ఆవిడే రైటు.

ఇంకోటి తొలుస్తోంది. సర్వరుకి మూడు ఎందుకంటే జీతం పన్నెండు వేలే, పెద్ద మాస్టారిది ఇరవై ఎనిమిది అని నేనే వాదించాను. మరి పిన్ని జీతం తొమ్మిది. నా లెక్క ప్రకారమే ఆవిడకి మూడు ఉండాలి. అప్పుడు మొత్తం 141, పాయింటుకి 57 చిల్లర, సర్వరుకి వారానికి 46 రూపాయలు తగ్గుతాయి. అసలు మొదట్నుంచీ నేను టేబుల్ దగ్గర నవ్వే మనిషినే చూశానేమో, వెనక నీళ్ళలో నానే చేతుల్ని చూడలేదు. అలాగని సర్వరు మాటా తీసెయ్యలేను. పెసరట్టు మీద నూనె తక్కువ వెయ్యమని చెప్పే డాక్టరుగారు వాడి మొహం చూసే ఇస్తారు. మా నాన్నా అదే అనేవాడు. వచ్చే సోమవారం అందర్నీ కూర్చోబెట్టి అడుగుతాను. మారిస్తే ఆ పై వారం నుంచి. అయిపోయిన వారం జోలికి వెళ్ళను.

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. గురువారం గడి పక్కన ఏం రాయాలా అని గంట నుంచీ చూస్తున్నాను. "చిల్లరకి 500 తీశారు" అని పెన్సిలుతో రాసి చెరిపేశాను. ఎవరు తీశారో లేకపోతే అది మళ్ళీ వాళ్ళ మీదికే పోతుంది. పెన్నుతో రాశాను, ఈయన పేరుతో, సోమవారం తిరిగిచ్చారని కూడా. మూడో తాళంచెవి ఆయన బనీను కింద మొలతాడుకి ఉంది, తెల్లారాక అడగాలి.

ఇడ్లీకి పప్పు నానబోయడం మర్చిపోయాను.