తంబురాలో ఆ ఊపు

నిన్న తిరుపతిలో మా సంగీతం టీచర్‌గారింట్లో తంబురా శ్రుతి చేసే పని నాకు పడింది. మధ్యలోని రెండు షడ్జం తీగలు వెంటవెంటనే మీటితే శబ్దం "వా... వా... వా" అని ఊగుతోంది. ఫిజిక్సులో విస్పందనాలని చదువుకున్నవే. ఒక తీగ సెకనుకు 200 సార్లు, రెండోది 202 సార్లు కంపిస్తే, సెకనుకు రెండు ఊపులు. ఏ తీగ హెచ్చుగా ఉందో మాత్రం ఊపు చెప్పదు. అందుకే తీగకు గుచ్చి ఉండే శ్రుతి పూసను ఒక పక్కకు కాస్త జరిపి చూస్తాం. ఊపు వేగం పెరిగితే రెండో పక్కకు జరపాలి. నెమ్మదిస్తూ ఆగిపోతే తీగలు కలిసినట్టే.

పంచమం దగ్గరే అసలు మజా. మంద్ర షడ్జం 100, పంచమం 150 అయితే మరి ఊపెక్కడిది? ఏ తీగైనా తన అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు వేగంతో కంపించే సన్నటి నాదాలనూ పలికిస్తుంది, వాటినే అనుస్వరాలంటారు. షడ్జం తీగలో పలికే మూడో అనుస్వరం 300, పంచమంలో రెండోది కూడా 300. పంచమం 151కి జారితే అక్కడ 302 అవుతుంది, ఊపు మొదలవుతుంది. అడుగు స్వరాన్ని వదిలేసి, పైనున్న ఆ సన్నటి నాదాన్ని పట్టుకోవాలి. నాకు కాసేపు ఏమీ వినపడలేదు.

అన్నట్టు, టీచర్‌గారు ముందే సీలింగ్ ఫ్యాన్ ఆపించేశారు. "రెక్కలు కూడా శబ్దాన్ని ఊపుతాయమ్మా, ఫ్యాన్‌తో శ్రుతి కలుపుతావా ఏంటి?" అన్నారు. ఇక్కడి ఎండల్లో అదొక్కటే కష్టం!