బెడ్‌షీట్ లిస్టింగ్‌ను మూడుసార్లు తిరగరాశాక – నా అనుభవం

ఆన్‌లైన్‌లో నేను అమ్మే ఎలాస్టిక్ బెడ్‌షీట్ లిస్టింగ్‌ను మూడోసారి తిరగరాసి నెల దాటింది. ‘మా పరుపుకి సరిపోతుందా?’ అనే ప్రశ్న ఇప్పుడు అప్పుడప్పుడు మాత్రమే వస్తోంది. మొదటి రెండుసార్లు ఎక్కడ తప్పు జరిగిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

మొదటి పని తేలికే. కొనకముందు అడిగిన ప్రశ్నలు, రివ్యూలు, రిటర్న్‌కు చెప్పిన కారణాలు అన్నీ ఒక పట్టికలో వేశాను. తేదీ, కొన్నవాళ్లు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, దానికి జవాబు లిస్టింగ్‌లో ఎక్కడుంది – ఈ మూడు గడులు చాలు. మాటల్ని మార్చకుండా ఎక్కించడం ముఖ్యం. ‘సైజు సమస్య’ అని కుదించి రాసుకుంటే అసలు సంగతి అక్కడే పోతుంది. నా మొదటి తప్పు అదే.

జవాబు గడి నింపుతుంటే మూడు రకాలు తేలాయి. కొన్నిటికి జవాబు అసలు రాయలేదు. కొన్నిటికి రాశాను గానీ వివరణలో ఎక్కడో కింద ఉంది, ఫోన్‌లో చూసేవాళ్లు అంత దూరం దిగరు. దిండు గలీబులు ఎన్ని వస్తాయన్నది అలాంటిదే. దాన్ని మొదటి పాయింట్‌లోకి, రెండో ఫోటో మీదకి తెచ్చాను, ఆ ప్రశ్న ఆగింది. మూడో రకమే నన్ను ముంచింది: జవాబు ఉంది, పైనే ఉంది, కానీ తప్పు.

లిస్టింగ్‌లో 72 x 78 అంగుళాలు అని రాశాను. పరుపు మందం ఎంత వరకు సరిపోతుందని అడిగితే, షీట్ పక్క అంచు కొలిచి ‘10 అంగుళాల వరకు’ అని చేర్చాను. అది చూసి మందపు పరుపులున్నవాళ్లు కొన్నారు. రిటర్న్‌లు పెరిగాయి. ‘చిన్నగా ఉంది’ అన్న ఒక రివ్యూ కింద, పరుపు సరిగ్గా కొలుచుకోండి అని జవాబు కూడా ఇచ్చాను. ఆయన టేపు పెట్టి ఫోటో తీసి పెట్టారు. పరుపు కచ్చితంగా 72 x 78, మందం 10. తప్పు నాదేనని అందరి ముందూ తేలింది. కొన్నవాళ్లకి కొలవడం రాదని అమ్మేవాళ్లు తరచూ అంటుంటారు. టేపు చేతిలోకి తీసుకోకుండా ఆ మాట అనే హక్కు మనకు లేదు.

అంచు 10 అంగుళాలైతే అదంతా పరుపు పక్కనే అయిపోకూడదు. కనీసం 2 అంగుళాలు పరుపు కిందికి మడవాలి, లేకపోతే ఎలాస్టిక్‌కు పట్టు దొరకదు, పడుకుని అటూ ఇటూ తిరిగితే మూలలు లేచి వచ్చేస్తాయి. కాబట్టి నిజానికి అది 8 అంగుళాల పరుపుకే సరిపోతుంది.

8 అని దిద్దాను. అయినా ఫిర్యాదులు ఆగలేదు. పట్టికలో ఆ మాటలు మళ్లీ వరసగా చదివితే దొరికింది: ‘మొదట బాగుంది’, ‘ఉతికాక మూల నిలవట్లేదు’. ‘చిన్నగా ఉంది’తో కలిపేసినందుకు ఇది కనబడలేదు.

కొత్త బెడ్‌షీట్ మీద, చెరగని పెన్నుతో, నిలువుగా 50 సెంటీమీటర్ల గీత గీసి ఉతికి ఆరేశాను. అది 48 అయింది, అంటే 4 శాతం కుదింపు. నూలు బట్ట మొదటి ఉతుకుకి ఇలా కుదించుకోవడం మామూలే. కానీ లెక్క చూడండి: షీట్ పొడవు, పై భాగం 78కి రెండు వైపుల అంచులు 20 కలిపి 98. అందులో 4 శాతం పోతే సుమారు 94. పరుపు 78 తీసేస్తే రెండు వైపులకూ మిగిలేది 16, అంటే వైపుకి 8. మడతకు 2 పోతే పరుపుకి మిగిలింది 6. పరుపు కుదించుకోదు కదా, పై భాగంలో తగ్గిన బట్ట కూడా అంచుల నుంచే పోతుంది.

అందుకే ఇప్పుడు లిస్టింగ్‌లో ఇలా ఉంది: ‘6 అంగుళాల మందం వరకు పరుపులకు. మొదటిసారి ఉతికినప్పుడు బట్ట సుమారు 4 శాతం కుదించుకుంటుంది, ఈ కొలత దాన్ని లెక్కలోకి తీసుకునే చెప్పాం. మందం కొలిచేటప్పుడు పరుపు మీద వేసిన టాపర్ కూడా కలపండి.’ టాపర్ మాట కూడా ఒక ప్రశ్న నుంచే వచ్చింది. మందపు పరుపులవాళ్ల ఆర్డర్లు పోయాయి, పోనివ్వండి. అవి ఎలాగూ వెనక్కి వచ్చేవే.

రివ్యూలోని వాక్యాల్ని తెచ్చి వివరణలో అతికించకండి, చాలా మార్కెట్‌ప్లేస్‌లు ఒప్పుకోవు. వాళ్లు వాడే పదాలు మాత్రం తీసుకోండి: ‘పాకెట్ డెప్త్’ అని నేను రాస్తే ఎవరికీ అర్థం కాలేదు, ‘పరుపు మందం’ అంటే అయింది.

ఇంకొకటి. మార్చిన వారంలోనే పాత ఫిర్యాదు మళ్లీ వస్తే కంగారుపడి ఇంకోసారి మార్చకండి, నేను ఒకసారి అలాగే చెడగొట్టుకున్నాను. ఆ రివ్యూ రాసినవాళ్లు పాత లిస్టింగ్ చదివి కొని ఉండవచ్చు. మీ దగ్గర కనిపిస్తే ఆర్డర్ తేదీ చూడండి. మార్పు తర్వాత కొన్నవాళ్ల మాటల్నే లెక్కలోకి తీసుకోండి, బెడ్‌షీట్‌కైతే వాళ్లు కనీసం ఒకసారి ఉతికేదాకా ఆగండి.