పెళ్లిళ్ల కెమెరా పనికి ఆషాఢం లెక్క

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ రాబడిని పన్నెండుతో భాగించి, నెలకు ఇంత అనుకుంటే కుదరదు. ముహూర్తాలున్నప్పుడే డబ్బు, లేనప్పుడు సున్నా. అందుకే ఇంటి లెక్క రాబడి నుంచి కాకుండా, పని లేని నెల ఖర్చు నుంచి మొదలవ్వాలి. ఒక చిన్న పట్నంలో అద్దెకుండే కుటుంబాన్ని ఉదాహరణగా పెట్టుకుని, లెక్కల పుస్తకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి వరుసగా చూద్దాం.

మొదటి వారం

గడిచిన ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి ముందేసుకోవాలి. పక్కనే కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కూడా ఉండాలి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఆషాఢంలో ఖర్చు తక్కువగా కనిపించడానికి కారణం పొదుపు కాదు, సరుకులు అప్పు మీద రావడం. ఆ బాకీని తీర్చిన నెలలో కాదు, తెచ్చిన నెలలో కలపాలి. అలా సరిచేశాక మూడు నెలల్లో అన్నిటికన్నా ఎక్కువైన నెలను పట్టుకోవాలి.

మన ఉదాహరణలో అద్దె 9,000, సరుకులు గ్యాస్ 8,000, పాలు కూరగాయలు 4,500, కెమెరా ఈఎంఐ 6,500, కరెంటు ఫోన్ పెట్రోలు 3,000, మందులు చదివింపులు 1,500. మొత్తం 32,500. చదివింపులు వదిలేద్దామనిపిస్తుంది కానీ వదలకూడదు. బంధువుల ఇంట్లో శుభకార్యం మన పని చూసుకుని రాదు.

రెండో వారం

ఏడాదికోసారి పడే ఖర్చులు విడిగా రాయాలి. స్కూలు ఫీజు 48,000, బీమా 14,000, కెమెరా సర్వీసు 10,000 కలిపి 72,000, అంటే నెలకు 6,000. ఇది కలపకపోతే పని సన్నగిల్లే జూన్‌లోనే స్కూలు ఫీజు మీద పడి లెక్క కూలిపోతుంది. 32,500కు ఈ 6,000 కలిపితే ఇంటికి నెల జీతం 38,500. పని ఖాతా నుంచి ఇంటి ఖాతాకు ఒకటో తారీఖున అంతే వెళ్లాలి, ఎనిమిది పెళ్లిళ్లున్న నెలలోనూ అంతే.

మొదటి సీజను

ఒక పెళ్లి ప్యాకేజీ 90,000 అనుకుందాం. రెండో కెమెరా, వీడియో, డ్రోన్ మనుషులకు 22,000, ఆల్బం ల్యాబుకు 16,000, ఎడిటింగుకు 10,000, ప్రయాణానికి 2,000 పోతే మిగిలేది 40,000. డబ్బు వచ్చే వరుస మాత్రం వేరు: అడ్వాన్సు 30,000, పెళ్లిరోజు 40,000, ఆల్బం ఇచ్చాక 20,000.

ఒక్కో పెళ్లి మీద మొదట వచ్చే 50,000 పనిదే, ఆ తర్వాతదే ఇంటిది. అడ్వాన్సును ఇంటికి వాడితే ల్యాబు బిల్లు కట్టడానికి తర్వాతి పెళ్లి అడ్వాన్సు తీయాల్సి వస్తుంది. సీజను నడుస్తున్నంతసేపూ ఇది బయటపడదు. ముహూర్తాలు ఆగిన రోజున ఒకేసారి బయటపడుతుంది.

రెండు నెలల్లో ఆరు పెళ్లిళ్లు చేస్తే కాగితం మీద మిగులు 2,40,000. చేతికొచ్చింది 1,20,000 మాత్రమే, మిగతా సగం ఆల్బమ్‌ల మీద ఉంది. రెండు నెలల జీతం 77,000 తీసేస్తే నిల్వ 43,000. కొత్త లెన్సు కొనాలనిపించేది సరిగ్గా అప్పుడే. ఈ 43,000 ఒక నెల జీతం, పైన కాస్త, అంతే.

అందుకే ఫోటోల ఎంపికకు పెళ్లివారికి 15 రోజుల గడువు బుకింగ్ కాగితంలోనే రాయించుకోవాలి. ఎంపిక ఆలస్యమైతే ఆల్బం ఆగుతుంది, దాంతో 20,000 ఆగుతుంది. ఖాళీ నెలల్లో వచ్చే డబ్బు అదే.

ఉగాది నాడు

కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలు లేని రోజులు క్యాలెండర్లో గీసుకోవాలి. ఎన్ని నెలల నిల్వ కావాలో చెప్పేది నిరుటి అనుభవం కాదు, ఈ గీతలే. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చి రెండు నెలలు వరుసగా పోయాయి. 2024లో ఏప్రిల్ చివర మూఢం మొదలై, ఆపైన ఆషాఢం వచ్చి, మే నుంచి జూలై దాకా పెళ్లిళ్లు దాదాపు లేవు. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 వరకు, నిజ జ్యేష్ఠం దాటాక మళ్లీ ఆషాఢం. కాబట్టి మూడు నెలల జీతం, 1,15,500, నిండేదాకా లెన్సు జోలికి పోకూడదు.

ప్రతి ఒకటో తారీఖున

పని ఖాతాలో ఇంకా చేయాల్సిన ఆల్బమ్‌ల ఖర్చు పక్కన పెట్టి, మిగిలినదాన్ని 38,500తో భాగించాలి. వచ్చే ముహూర్తాలకు రెండున్నర నెలలుండి, భాగహారంలో 1.4 వస్తే గండి ఉన్నట్టే. అప్పుడు ఇంటి ఖర్చు కోయడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు, అది ముందే కోసిన అంకె. ఇంకో స్టూడియోకి ఎడిటింగ్ చేసిపెట్టడం, బారసాల, పుట్టినరోజు షూట్లు ఒప్పుకోవడం ఆ వారంలోనే మొదలవ్వాలి. అవి కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఖాతా ఖాళీ అయ్యాక వెతికితే అద్దె తేదీకి అందవు.