పొద్దున్న నలభై అయిదు నిమిషాలు: నా థీసిస్ లెక్కల పుస్తకం

డిసెంబరు 1, సోమవారం. ఈ నోటుబుక్కు మొదలుపెట్టిన రోజు. నైజాం రాష్ట్రంలో తెలుగు గ్రంథాలయాల మీద నా సిద్ధాంత గ్రంథం. ఆరు అధ్యాయాలలో రెండు ఎప్పుడో రాసి గైడు గారికి ఇచ్చాను. మిగతా నాలుగింటికి కావలసిన సామగ్రి బీరువా నిండా ఉంది. రాతలో మాత్రం ఒక్క పేజీ లేదు. జూన్ 30 దాటితే మళ్లీ గడువు పొడిగించమని దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఇప్పటికే ఒకసారి అయింది.

ముందు లెక్క వేశాను. అధ్యాయానికి 35 పేజీల చొప్పున నాలుగింటికి 140 పేజీలు. నేను టైపు చేసే అక్షరం సైజులో పేజీకి సుమారు 220 మాటలు పడతాయి. మొత్తం 30,800 మాటలు. రోజుకు 250 చొప్పున, వారానికి ఆరు రోజులు రాస్తే ఇరవై ఒక్క వారాలు. రోజుకు వెయ్యి మాటలు రాయమని ఇంగ్లీషు పుస్తకాలు చెప్పే సలహా తెలుగుకు కుదరదు. ‘చదువుకోవాలనుకున్నవాళ్లందరికీ’ అన్నది మనకు ఒకే మాట, ఇంగ్లీషులో అది ఆరేడు మాటలవుతుంది. రెండు వందల యాభై తెలుగు మాటలంటే ఒక పేజీ దాటిన రాత. జూనియర్ కాలేజీలో పాఠం చెప్పి, ఇంట్లో వంట చేసుకునే మనిషికి అది తక్కువేమీ కాదు.

సమయం 5.10 నుంచి 5.55 వరకు. నల్లకుంటలో మా వీధికి మంచినీళ్లు రోజు విడిచి రోజు ఆరింటికి వస్తాయి. సంపు నింపి మోటారు వేయాలి కాబట్టి ఆ పని గడియారంలా నన్ను లేపేస్తుంది. నీళ్లు రాని రోజు కూడా 5.55కే ఆపాలని నియమం పెట్టుకున్నాను.

డిసెంబరు 7. మొదటి వారం లెక్క: 0, 110, 180, 240, 95, 900. ఆ తొమ్మిది వందలు ఆదివారానివి. పిల్లవాడు అమ్మమ్మ ఇంటికి వెళ్లాడు, ఊపు వచ్చింది, మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

డిసెంబరు 11. సోమ, మంగళ, బుధ వారాలు సున్నా. తొమ్మిది వందల మాటలు రాసిన మనిషికి రెండు వందలు చిన్నతనంగా అనిపించాయి. అదొక్కటే కాదు, ఆదివారం మనసులో ఉన్నదంతా ఒలకబోసేశాను. సోమవారం తెరిస్తే ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. అందుకని ఇక మీదట పైకీ ఒక హద్దు పెట్టుకున్నాను. నాలుగు వందలు దాటితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయాలి. నిజానికి వాక్యం మధ్యలో ఆపడమే మంచిది. మర్నాడు ఆ వాక్యం పూర్తి చేయడంతో చెయ్యి కదులుతుంది. దాని కింద మర్నాటి ప్రశ్న ఒకటి రాసి పెడుతున్నాను. ‘మూడో అధ్యాయం కొనసాగించాలి’ అని రాస్తే పనికిరాదు, రెండు సార్లు ప్రయత్నించి చూశాను. ‘హనుమకొండ గ్రంథాలయానికి పుస్తకాలు ఎవరిచ్చారు?’ అన్నంత చిన్నగా ఉంటే జవాబు రాయాలనిపిస్తుంది.

డిసెంబరు 18. నా అసలు శత్రువు దొరికింది. అది బద్ధకం కాదు, వెతుకులాట. ఒక తేదీ దగ్గర ఆగి, ఫైలు తెరిచి, ఫోటో కాపీలు తిరగేసి, మరో ఆసక్తికరమైన సంగతి కనిపిస్తే అది చదువుతూ కూర్చుంటాను. నలభై అయిదు నిమిషాలూ అయిపోతాయి, మాటలు ముప్పై. ఇప్పుడు తెలియని చోటల్లా ఒక గుర్తు వేసి ముందుకు పోతున్నాను:

```
నిలయం మొదట ## ఇంట్లో మొదలై, ##లో
సొంత భవనంలోకి మారింది. [చూ: నివేదిక, ##]
```

తెలుగు రాతలో ఈ గుర్తు మామూలుగా ఎక్కడా రాదు కాబట్టి, శనివారం Ctrl+F నొక్కి ## అని వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. వాటిని కాగితం మీద ఎక్కించుకొని, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో వెళుతున్నాను. ఇదివరకు అక్కడికి ‘ఏమైనా దొరుకుతుందేమో’ అని వెళ్లేదాన్ని, సంచీ నిండా కాపీలతో వచ్చేదాన్ని. ఇప్పుడు పద్నాలుగు ప్రశ్నలతో వెళ్లి తొమ్మిదింటికి జవాబులతో వస్తున్నాను. మిగిలిన అయిదింటిలో మూడు అసలు అవసరం లేనివని రాసిన వాక్యం మళ్లీ చదివితే తెలిసింది.

జనవరి 9. ఇది కాస్త వివరంగా రాసుకోవాలి. మూడో అధ్యాయం గురించి గైడు గారు ఎప్పుడో ఒక ప్రశ్న వేశారు: ‘1901లో శ్రీకృష్ణదేవరాయ నిలయం పెట్టారు, 1906లో పుస్తకాలు అచ్చువేసే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మధ్యలో అయిదేళ్లలో ఏం మారిందమ్మా?’ దానికి గొప్ప జవాబు తట్టాక అధ్యాయం మొదలుపెడదామని ఏడాదిన్నర ఆగాను.

ఈ రోజు తలనొప్పి. ఏమీ తోచక కేవలం సంవత్సరాలు పేర్చుకుంటూ పోయాను. 1901 హైదరాబాద్, 1904 హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1906 మండలి, 1908లో మండలి మద్రాసుకు తరలిపోవడం. ప్రతి దాని పక్కన పనిచేసిన మనుషుల పేర్లు రాస్తుంటే కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు రెండు చోట్లా వచ్చారు. పుస్తకాలు పెట్టుకునే గది కట్టినవాళ్లే పుస్తకాలు అచ్చువేసే సంస్థా పెట్టారు. అంటే ప్రశ్నను నేను తిరగేసి పట్టుకున్నాను. మధ్యలో ఏదో మారిందని కారణం వెతుకుతున్నాను గానీ, బీరువాలు తెచ్చాక అందులో పెట్టడానికి చరిత్ర, శాస్త్రం వంటి విషయాల మీద తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయని వాళ్లే వేసుకున్న ప్రశ్న నుంచి రెండో సంస్థ పుట్టి ఉండవచ్చు. ఇది ఇంకా ఊహే. నిలయం తొలి ఏళ్ల పుస్తకాల జాబితాలో ఏ విషయాలవి ఎన్నో లెక్కిస్తే నిలుస్తుందో లేదో తేలుతుంది. దాని పక్కన పెద్ద ## వేశాను. ఈ రోజు లెక్క 160 మాటలే.

జనవరి 10. స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే మా మనస్తత్వ శాస్త్రం మేడమ్ ఒక పాత ప్రయోగం గురించి చెప్పారు. రాబర్ట్ బోయిస్ అనే అమెరికా పరిశోధకుడు 1983లో ప్రచురించినది. అధ్యాపకులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు తప్పనిసరి అయితే తప్ప రాయకూడదు, ఒకటి బుద్ధి పుట్టినప్పుడు రాయాలి, మూడోది రోజూ రాయాలి. మూడో జట్టువాళ్లు రాయకపోతే తమకు గిట్టని సంస్థకు డబ్బు పంపాలి. రాత సరే, కొత్త ఆలోచనలు కూడా ఎక్కువ వచ్చింది మూడో జట్టుకేనట. గిట్టనివాళ్లకు డబ్బు అన్నది నాకు బాగా నచ్చింది. మా కాలనీలో ఒక పెద్దాయన తన పుట్టినరోజుకు తానే ఫ్లెక్సీలు కట్టించుకుంటాడు. రాయని రోజుకు వంద రూపాయల చొప్పున ఆ ఫ్లెక్సీ చందాలో వేయాలని మా వారి ముందు ఒప్పుకున్నాను. తర్వాత చేర్చిన మాట: ఇప్పటిదాకా వేసింది మూడు వందలు. ఆ మూడు వందలూ ఇంకా మండుతున్నాయి.

జనవరి 18. సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు. అయిదు రోజులు లెక్కలో లేవు. వాటికి జరిమానా లేదని ముందే రాసుకున్నాను. లేకపోతే ఈ నోటుబుక్కు చూడటానికే భయమేసి వదిలేస్తానని నాకు తెలుసు.

ఫిబ్రవరి 21. వారంలో 1,720 మాటలు, ఇంతవరకు ఇదే ఎక్కువ. గైడు గారికి చూపిస్తే పది నిమిషాలు తిరగేసి, ‘ఇందులో నువ్వెక్కడమ్మా?’ అన్నారు. ఇంటికి వచ్చి లెక్కపెడితే దాదాపు తొమ్మిది వందల మాటలు పాత పత్రికల నుంచి ఎత్తి రాసిన ఉల్లేఖనాలు. అంకె పెంచుకోవడానికి చెయ్యి తానే దొడ్డిదారి వెతుక్కుంది. నోటుబుక్కులో అప్పటిదాకా తేదీ, మొదలు, ముగింపు, మాటలు అని నాలుగు గడులు ఉండేవి. అయిదోది గీశాను: ‘ఈ రోజు నేను చెప్పింది ఏమిటి’, ఒక్క వాక్యంలో. ఆ గడి ఖాళీగా ఉండి మాటల గడి నిండుగా ఉంటే ఆ రోజు ఎత్తిరాత రోజు. ఉల్లేఖనాలు ఇక లెక్కలోకి రావు.

మార్చి. ఇంటర్ పరీక్షల ఇన్విజిలేషన్, ఆ వెనుకే జవాబు పత్రాలు దిద్దే పని. సాయంత్రానికి మెడ నిలవదు, పొద్దున్న అయిదింటికి లేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. రోజుకు పదిహేను నిమిషాలకు కుదించాను. కొత్తగా ఏమీ కట్టలేదు, నాలుగో అధ్యాయంలోని వదులు వాక్యాలు బిగించాను, ఉన్న పేరాలకు ముందూ వెనుకా రెండేసి వాక్యాలు చేర్చాను. నెలకు మూడు వేల మాటలు. ఈ నెలలో గంటన్నర కూర్చుందామని పట్టుబట్టి ఉంటే రెండో రోజే మొత్తం కూలిపోయేది.

ఏప్రిల్ 19, ఆదివారం. ఇరవై వారాలు. డిసెంబరు 3,900, జనవరి 5,100, ఫిబ్రవరి 6,400, మార్చి 3,000, ఈ నెల ఇప్పటికి 3,800. మొత్తం 22,200 మాటలు, 98 రోజులలో. సగటున రోజుకు 226. డిసెంబరులో వేసిన లెక్క ప్రకారం ఈపాటికి ముప్పై వేలు ఉండాలి. ఆ లెక్కలో సంక్రాంతి లేదు, పరీక్షలూ లేవు, జ్వరాలూ లేవు. మూడు, నాలుగు అధ్యాయాలు గైడు గారి దగ్గర ఉన్నాయి. అయిదోది 31వ పేజీలో ఉంది. మిగిలినవి 39 పేజీలు, అంటే సుమారు 8,600 మాటలు. సెలవుల్లో రోజుకు 250 పడితే మే నెలాఖరుకు చిత్తుప్రతి అవుతుంది. జూన్ మొత్తం దిద్దుబాటుకు, పాదసూచికలకు. అది ఇరుకే.

పుస్తకాల జాబితా లెక్క పూర్తయింది. నా జనవరి ఊహ సగమే నిలిచింది. ఆ జాబితాలో కావ్యాలు, పురాణాలే ఎక్కువ, అంతవరకు సరే. కానీ చదువరులు ఇంటికి తీసుకువెళ్లినవీ అవేనా, లేక లేని పుస్తకాల కోసం అడిగారా అన్నది జాబితా చెప్పదు. మూడో అధ్యాయంలో ఆ పేరా మెత్తబరిచి రాశాను.

ఫైలులో ఇంకా ముప్పై నాలుగు ## ఉన్నాయి. రేపటి ప్రశ్న: ‘1926లో గోల్కొండ పత్రిక వచ్చాక గ్రంథాలయాల వార్తలు ఎవరు రాసి పంపేవారు?’ రేపు నీళ్లు వచ్చే రోజు కూడా.