మైపాడు ఫొటోలోంచి రేకు బోర్డును తీసివేసిన విధం

మా పెద్దనాన్న, పెద్దమ్మ సంక్రాంతి సెలవుల్లో ఒక ఉదయం మైపాడు ఒడ్డున సముద్రానికి వీపు పెట్టి నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఇంట్లో ఉంది. వారిద్దరూ కలిసి నవ్వుతూ కనిపించే ఫొటో అదొక్కటే కాబట్టి దాన్ని పెద్దది చేయించి గోడకు పెట్టాలని అందరి కోరిక. అయితే పెద్దనాన్న ఎడమ భుజం వెనక, రెండు ఇనుప పైపుల మీద నిలబెట్టిన కూల్‌డ్రింక్ కొట్టు రేకు బోర్డు ఒకటి పసుపు రంగులో పొడుచుకువచ్చి, చూసేవారి కన్ను మొదట దాని మీదికే పోయేలా ఉండేది. దాన్ని తీసివేసే పని నేను తీసుకున్నాను. ఇలా ఫొటోలో ఒక భాగాన్ని తొలగించి, ఏర్పడిన ఖాళీని చుట్టుపక్కల బొమ్మ ఆధారంగా నింపడాన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు. ఖాళీలోకి వచ్చేది బోర్డు వెనక నిజంగా ఉన్న దృశ్యం కాదు. అక్కడ ఏముండవచ్చో చుట్టూ ఉన్న పిక్సెళ్లను చూసి కట్టిన ఊహ మాత్రమే.

నాలుగుకు ఆరు అంగుళాల ఆ ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400కు 3600 పిక్సెళ్ల చిత్రం వచ్చింది. దాన్ని జేపెగ్‌గా కాక పీఎన్‌జీగా భద్రపరిచాను. జేపెగ్ కుదింపులో ప్రతి గట్టి అంచు చుట్టూ సన్నని మరకల వంటి చుక్కలు ఏర్పడతాయి. తర్వాత ఖాళీ నింపేటప్పుడు అవి కూడా ఇసుకలో భాగమేనని లెక్కలోకి వచ్చేస్తాయి.

మొదటి పని మాస్క్ గీయడం, అంటే ఎక్కడ తొలగించాలో తెల్లగా, ఎక్కడ ముట్టుకోకూడదో నల్లగా చూపే రెండో బొమ్మను తయారుచేయడం. ఎక్కువమంది ఇక్కడ వస్తువు అంచు వెంబడి ఖచ్చితంగా గీయాలని చూస్తారు గాని, అది మేలు చేయదు. అంచు దగ్గరి పిక్సెళ్లలో సగం బోర్డు రంగు, సగం సముద్రం రంగు కలిసిపోయి ఉంటాయి. ఆ పసుపు జీర ఒక్క పిక్సెల్ మందాన మిగిలినా, నింపే పద్ధతి దాన్నే ఆధారంగా తీసుకొని ఖాళీ లోపలికి లాక్కుపోతుంది. అందుచేత మాస్క్‌ను అన్ని వైపులా మూడు నాలుగు పిక్సెళ్లు వెడల్పు చేశాను.

బోర్డుతోపాటు దాని నీడ కూడా పోవాలి. మైపాడు తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. జనవరి ఉదయపు సూర్యుడు తూర్పు నుంచి కొంత దక్షిణానికి జరిగి ఉంటాడు కనుక, సముద్రం వైపు చూస్తున్న ఆ ఫొటోలో నీడలన్నీ కెమెరా వైపుకు, కొంచెం ఎడమకు వాలి పడ్డాయి. ఫొటోలో కుడివైపున ఉన్న బోర్డు నీడ ఇసుక మీద సాగివచ్చి పెద్దనాన్న నీడను ఒకచోట దాటుతోంది. ఆ రెండు నీడలూ కలిసిన చోటును మాస్క్‌లో చేర్చలేదు. బోర్డు లేకపోయినా అక్కడ ఆయన నీడ ఉండవలసిందే, రెండు నీడలు ఒకదాని మీద ఒకటి పడినంత మాత్రాన ఆ చోటు మరీ నల్లబడదు కూడా. నీడను వదిలేసి వస్తువును మాత్రమే తీసేసిన ఫొటోలు నేను చాలా చూశాను. లోపం ఎక్కడుందో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని చూసేవారికి తట్టేది ఎక్కువగా దీనివల్లే.

ప్రింటు మధ్యలో మడత పడిన గీత ఒకటి ఆకాశం మీదుగా పోతుండేది. దాన్ని మాత్రం బొమ్మలను ప్రోగ్రాంతో దిద్దేందుకు వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీలోని పాత పద్ధతితో సరిచేశాను. మడత గీతకు వేరే మాస్క్ గీసుకుంటే, దానికి కావలసిన ప్రోగ్రాం ఇంతే:

```python
import cv2, numpy as np
img = cv2.imread("mypadu.png")
mask = cv2.imread("madata.png", cv2.IMREAD_GRAYSCALE)
mask = cv2.dilate(mask, np.ones((7, 7), np.uint8))
out = cv2.inpaint(img, mask, 3, cv2.INPAINT_TELEA)
cv2.imwrite("out.png", out)
```

ఇందులో `dilate` అన్న వరుస మాస్క్‌ను వెడల్పు చేసేది. చివరి వరుసకు ముందున్నది టెలియా అనే పరిశోధకుడు 2004లో ప్రచురించిన పద్ధతి. అది ఖాళీ అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పిక్సెల్‌కు దాని సమీపంలో తెలిసిన పిక్సెళ్ల రంగులను తూకం వేసి సగటు కట్టి, పొర తరువాత పొరగా లోపలికి నడుస్తుంది. ఇక్కడ 3 అన్నది ఆ సమీపం ఎంత దూరమో చెప్పే అంకె. పది పిక్సెళ్ల వెడల్పున్న మడత గీతకు ఇది చక్కగా సరిపోయింది. కాని ఏడు వందల పిక్సెళ్ల ఎత్తున్న బోర్డు మీద ఇదే నడిపితే వచ్చేది తడిగుడ్డతో పులిమినట్టున్న మసక. సగటులు లోపలికి పోయేకొద్దీ రంగు మాత్రం మిగులుతుంది, ఇసుకలోని గరుకుదనం, నురగలోని చుక్కలు మిగలవు.

పెద్ద ఖాళీకి కావలసింది సగటు కాదు, నకలు. ఖాళీ అంచున ఒక చిన్న చదరం తీసుకొని, అందులో తెలిసిన సగంతో బాగా పోలిన చదరం ఫొటోలో మరెక్కడ ఉందో వెతికి, దాని రెండో సగాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం దీని పద్ధతి. క్రిమినిసి, మరి ఇద్దరు పరిశోధకులు 2004లో ప్రచురించిన పద్ధతిలో ఆ చదరం మామూలుగా తొమ్మిదికి తొమ్మిది పిక్సెళ్లది. వారు పట్టుకున్న అసలు కిటుకు మాత్రం చదరంలో లేదు, వరుసలో ఉంది. ఖాళీ అంచు పొడవునా ఏ చోటును ముందు నింపాలో రెండు విషయాలను గుణించి నిర్ణయిస్తారు: ఆ చదరంలో నమ్మదగిన పిక్సెళ్లు ఎంత భాగం ఉన్నాయి, ఏదైనా గట్టి గీత వచ్చి ఖాళీ అంచును ఎంత సూటిగా తాకుతోంది. అందువల్ల గీతలు ముందు లోపలికి సాగుతాయి, చదునైన భాగాలు ఆ గీతల మధ్య తరువాత నిండుతాయి. ఈ వరుస తప్పితే పక్కనున్న ఇసుక ముందే లోపలికి పెరిగిపోయి, సముద్రపు గీతను మధ్యలో తెంపేస్తుంది.

నేను వాడింది ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో రీసింథసైజర్ అనే ప్లగిన్. ఇది కూడా చుట్టుపక్కల నుంచి పోలికలు వెతికి తెచ్చేదే అయినా, చదరాలుగా కాక పిక్సెల్ పిక్సెల్‌గా నింపుతుంది, గీతలకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఇవ్వదు. అందుకని ఆ వరుసను నేనే చేత్తో అమలుచేశాను. బోర్డు అడ్డుగా నిలిచిన గీతలు రెండు: ఒకటి ఆకాశమూ సముద్రమూ కలిసే గీత, రెండోది అలల తడి ఆగిన చోట తడి ఇసుకకూ పొడి ఇసుకకూ మధ్యనున్న వంకర గీత. ముందుగా సముద్రపు గీతకు పైనా కిందా కొద్ది వెడల్పున్న ఒక పట్టీని మాత్రమే ఎంపిక చేసుకొని `Heal selection` నడిపాను. అందులో `Sample from` దగ్గర `All around` బదులు `Sides` పెట్టాను. దీనివల్ల పోలికలు కుడిఎడమల నుంచే వస్తాయి, పైనున్న ఆకాశం కిందికి దిగదు. కెమెరా కొంచెం వాలడంతో ఆ గీత ఏటవాలుగా ఉండింది. ఎడమ కొస నుంచి కుడి కొసకు ఒక మార్గం గీసుకుని, నిండిన గీత దాని మీదే పడిందో లేదో సరిచూశాను. ఈ గీత ఒక్క పిక్సెల్ మెట్టు పడినా కంటికి ఇట్టే తెలిసిపోతుంది. తడి ఇసుక గీతకు అలాంటి పట్టుదల అక్కరలేదు, ఎలా వంగినా నమ్మవచ్చు. గీతలు రెండూ నిలబడ్డాక మిగిలిన ఆకాశం, నీళ్లు, ఇసుక వేరువేరు ముక్కలుగా నిండాయి.

భుజం దగ్గర మరో చిక్కు. ప్లగిన్‌కు మనిషెవరో ఇసుకెవరో తెలియదు. ఖాళీకి పక్కనే పెద్దనాన్న తెల్ల చొక్కా ఉండడంతో, నురగకు దగ్గరి రంగని ఆ చొక్కా ముక్కలను నీళ్లలోకి తెచ్చి పెడుతుంది. దీనికి మార్గం మనుషులను ఆ వెతుకులాట నుంచి తప్పించడమే. ఫొటోకు నకలు లేయర్ చేసి, కింది లేయర్‌లో ఆయన భుజం మీదుగా క్లోన్ సాధనంతో నీళ్లను మోటుగా పులిమి, ఖాళీ చుట్టూ సముద్రం తప్ప వేరేది లేకుండా చేసుకున్నాక ప్లగిన్ నడిపాను. పై లేయర్‌లో మనుషులిద్దరినీ మాస్క్‌తో అలాగే నిలిపాను. బోర్డు వారి వెనక ఉన్నది కాబట్టి భుజం అంచు అసలైనదే మిగిలింది, దాన్ని ఊహించవలసిన పని పడలేదు. బోర్డు ఆయన ముందు నిలబడి ఉంటే ఈ పని నేను ఒప్పుకునేవాణ్ణి కాను, ఎందుకంటే ఒక మనిషి చేతిని ఊహించి గీయడం, నీళ్లను ఊహించి గీయడం ఒకటి కాదు. అంచున మిగిలిన పసుపు జీరను మాత్రం మాస్క్‌ను రెండు పిక్సెళ్లు లోపలికి జరిపి పోగొట్టాను.

బోర్డు కుడి అంచు పక్కనుంచి ఒక పడవ మొన కొద్దిగా కనిపిస్తోంది. మిగిలిన పడవంతా బోర్డు వెనకే ఉండిపోయింది. బోర్డు పోయాక ఆ మొన ఒక్కటీ ఇసుకలో తేలుతున్నట్టు నిలిచింది. పెద్దమ్మ చూసి, “ఆ ఎనకాల పడవుండింది గదా నాయనా, అది కూడా తెప్పీ” అంది. తెచ్చేందుకు పడవ ఫొటోలో ఎక్కడా లేదు. చుట్టూ ఉన్నదాన్నే తిరిగి పేర్చే ఈ పద్ధతికి, చుట్టూ లేనిది ఇచ్చే వీలు లేదు. వేరే పడవ ఫొటో తెచ్చి అతికించవచ్చు గాని, అది ఆనాటి పడవ కాదని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “అట్టయితే వద్దులే, తీసేయ్” అన్నాక ఆ మొనను కూడా మాస్క్‌లో చేర్చి ఇసుకతో నింపాను.

చివరగా రేణువుల సంగతి. ఫిల్మ్ ఫొటో కాబట్టి ఆకాశంలో కూడా సన్నని గరుకు ఉంటుంది. సగటుతో నింపిన మడత గీత మాత్రం మరీ నున్నగా, ఇస్త్రీ చేసిన పట్టీలా కనిపించింది. దాని మీద కొద్దిగా `RGB Noise` చల్లి, రేణువు పరిమాణం చుట్టూ ఉన్నదానితో కలిసేలా ఆ చల్లిన దాన్ని కొంచెం మసకబరిచాను. తరువాత ఫొటోను కుడిఎడమలుగా తిప్పి, `Levels`తో వెలుగుచీకట్ల తేడా బాగా పెంచి చూస్తే, ఒకే ఆకారంలో ఉన్న నురగ మరకలు రెండు పక్కపక్కనే బయటపడ్డాయి. నకలు పద్ధతి తెచ్చే లోపమిదే. అలవాటైన బొమ్మలో కంటికి ఆనని ఈ జంటలు తిప్పి చూస్తే తెలిసిపోతాయి. వాటిలో ఒకదాని మీద దూరంగా ఉన్న వేరే అల నుంచి కొంత తెచ్చి క్లోన్ చేశాను.

పన్నెండుకు పద్దెనిమిది అంగుళాలకు పెంచితే అంగుళానికి 200 పిక్సెళ్లు వస్తాయి, గోడ మీది ఫొటోకు అది చాలు. నెల్లూరు ట్రంకు రోడ్డులోని స్టూడియో ఆయన పెద్ద ప్రింటుకు ముందు భుజం, సముద్రపు గీత ఉన్న ముక్కను మాత్రమే అదే పరిమాణంలో కొట్టి ఇచ్చారు. తెర మీద కనిపించని పసుపు ఛాయ ఒకటి చొక్కా కాలరు దగ్గర ఆ కాగితం మీద బయటపడింది. ఆ రెండు మూడు పిక్సెళ్ల రంగును చొక్కా తెలుపుతో కలిపాక, పూర్తి ప్రింటు వేయించాము.