మూడోసారి రాసిన ఉత్తరం

బెంగళూరు మారతహళ్లిలోని గదిలో కూర్చుని, రాత్రి షిఫ్టుల నుంచి తప్పించమని మేనేజరు గారికి మూడుసార్లు ఉత్తరం రాశాను. మొదటిది రెండు పేజీల ఏడుపు. చదివితే నా మీద నాకే జాలి వేసింది గానీ, దానితో ఆయన ఏం చేయగలరు?

నాకు షుగరు ఉంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. శరీరం రాత్రికి అలవాటు పడేలోపే రోస్టరు మారిపోతుంది. భోజనంతో వేసుకోవలసిన మాత్ర ఏ పూటదో నాకే అయోమయం. అందుకే ఆరు వారాలు, నిద్ర లేవగానే ఏమీ తినకముందు చూసుకున్న రీడింగులు పాల లెక్కల పుస్తకంలో రాసిపెట్టాను. పగటి వారాల్లో 130 దగ్గర, రాత్రి వారాల్లో 180 పైన. ఆ పేజీ చూశాకే డాక్టరు, పని వేళలు స్థిరంగా ఉండాలని రాసిచ్చారు.

మూడో ఉత్తరం పది వరుసలే. జబ్బు గురించి ఒక్క వాక్యం. మూడు నెలలు పగటి షిఫ్టు ఇవ్వండి, ఆపైన పరీక్ష చేయించి రిపోర్టు చూపిస్తాను, బదులుగా శనివారాలు నేను వస్తాను అన్నాను. "వీలైతే" అన్న మాట కొట్టేసి "ఒకటో తేదీ నుంచి" అని రాశాను.

సాయంత్రం ఆయన ఫోను చేసి ఒక్కటే అడిగారు: "శనివారాలు నిజంగా వస్తారా?"